గుంపు ఫొటోలో ముందు చూడాల్సింది మొహాలు కాదు, బోర్డు కింది వరుస

మా పిన్నీ బాబాయిల పెళ్లి 1999లో. పాతికేళ్లు నిండుతున్నాయి కదా అని 2024లో ఇంట్లో అందరం కలిసి ఒక ఆల్బమ్ చేయిద్దామనుకున్నాం, పెళ్లికి ముందువి సగం, తర్వాతవి సగం. అన్నీ సర్దేశాం గానీ ఒక్క ఫొటో దగ్గర ఆగిపోయాం. నిండా జనం. ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాలు, వంగి చూస్తున్నవాళ్లు, వెనక వరసగా దుకాణాలు, మధ్యలో చారల చొక్కా వేసుకుని చేతిలో ఏదో లావుపాటి పుస్తకంతో బాబాయి. వెనక తేదీ రాసి లేదు. "ఇది కోఠి, పెళ్లికి ముందుది" అని పిన్ని. "అబిడ్స్‌లా ఉందే అక్కా" అని మామయ్య. బాబాయిని అడిగితే "ఎవడికి గుర్తు" అని పేపర్ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఇలాంటివి తవ్వడం నాకు పాత అలవాటు. వాట్సాప్‌లో "ఈరోజు పొద్దున మన ఊళ్లో" అని వచ్చే ఫొటోలు నిజంగా ఏ ఊరివో, ఏ ఏడాదివో చూడటంతో మొదలైంది. అందుకని ఫొటో నాకు పంపారు. అందరూ చేసే పనే పిన్నీ చేసింది: బాబాయి మొహాన్ని జూమ్ చేసి, మీసం చూసి, "అప్పట్లో ఇలాగే ఉండేవారు" అంది. మొహం నుంచి వచ్చేది అంతే, మనకు ముందే తెలిసిన మనిషిని మళ్లీ గుర్తుపట్టడం. ఎక్కడ, ఎప్పుడు అన్నవాటికి మీసం దగ్గర జవాబు ఉండదు. పైగా గుంపు ఫొటోలో మిగతా మొహాలు ముక్కూ మొహం తెలియనివాళ్లవి, వాటిని పెద్దవి చేసి గ్రూపుల్లో తిప్పడం మర్యాద కూడా కాదు.

మరి దేన్ని ముందు పెద్దది చేయాలి? నేను రెండు సంగతులు చూస్తాను. ఒకటి, ఆ ముక్క అసలు చదవడానికి వస్తుందా. రెండు, చదవగలిగితే అది ఎన్ని చోట్లను, ఎన్ని ఏళ్లను కొట్టిపారేస్తుంది. ఈ రెండూ కలిసిన ముక్క ఫొటోలో ఒకటో రెండో ఉంటాయి, అంతే. చాలామంది రెండోది మాత్రమే చూసి నేరుగా బండి నంబర్ ప్లేటు మీదికి వెళ్తారు, గంటసేపు కళ్లు చికిలించి చివరికి తాము చూడాలనుకున్న నంబరే చూస్తారు.

చదవడానికి వస్తుందో లేదో ముందే తెలుసుకునే చిన్న లెక్క ఉంది. మీరు చదవాలనుకుంటున్న వస్తువు పక్కన, దాదాపు అంతే దూరంలో నిలబడి ఉన్న మనిషిని పట్టుకోండి. ఫొటోలో ఆ మనిషి తల నుంచి కాళ్ల దాకా ఎన్ని పిక్సెళ్లు ఉన్నాడో కొలవండి. మనిషి ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు అనుకుందాం. పిన్ని ఆ ప్రింటును ఫోన్‌తో ఫొటో తీసి పంపింది, వాట్సాప్ దాన్ని నలిపి 1600 పిక్సెళ్ల వెడల్పుకు తెచ్చింది. అందులో దుకాణం ముందు నిలబడ్డవాడు 150 పిక్సెళ్ల ఎత్తు ఉన్నాడు. అంటే ఒక పిక్సెల్‌కి ఒక సెంటీమీటర్ పైచిలుకు. కారు నంబర్ ప్లేటు మీద అక్షరం ఎత్తు నిబంధనల ప్రకారం 65 మిల్లీమీటర్లు, ఇక్కడ ఆరు పిక్సెళ్లు. స్కూటర్ వెనక ప్లేటు మీద అక్షరం అంతకన్నా చిన్నది, మూడో నాలుగో పిక్సెళ్లు. మూడు పిక్సెళ్లలో ఎనిమిదీ సున్నా ఒకేలా ఉంటాయి, దాన్ని ఎంత పెద్దది చేసినా పెద్ద మసక వస్తుంది తప్ప నంబరు రాదు. అదే దుకాణం బోర్డు మీద పేరు అడుగు ఎత్తున ఉంటుంది కాబట్టి దానికి దాదాపు 28 పిక్సెళ్లు దొరుకుతాయి, హాయిగా చదవచ్చు.

నా అనుభవంలో అంకెలకు పది పిక్సెళ్ల ఎత్తు ఉంటే ఆశ పెట్టుకోవచ్చు, ఎందుకంటే ఉన్నవి పదే ఆకారాలు. ఇంగ్లీషు పెద్దక్షరాలకు కాస్త ఎక్కువ కావాలి. తెలుగుకు ఇరవై దాకా కావాలి. తలకట్టూ దీర్ఘమూ ఒత్తూ అన్నీ ఆ ఎత్తులోనే సర్దుకోవాలి, అందుకే మసకలో ముందు పోయేవి ఒత్తులు, తర్వాత ప, వ, మ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఉర్దూ బోర్డుల్లో అయితే చుక్కలు ముందు మాయమవుతాయి, చుక్క పోతే అక్షరమే మారిపోతుంది. మన ఊళ్లో పాత బోర్డుల మీద మూడు భాషలూ ఉంటాయి, ఒకే పేరు మూడుసార్లు రాసి ఉన్నట్టు. ఇది పెద్ద వరం: ఒక భాషలో పోయిన అక్షరం ఇంకో భాషలో దొరుకుతుంది.

అలాగని బోర్డు మీద పేరుతో పని జరుగుతుందా అంటే, సాధారణంగా జరగదు. అక్కడే చాలామంది ఆగిపోతారు. మా ఫొటోలో స్పష్టంగా చదవడానికి వచ్చిన పేరు చివర "క్లాత్ స్టోర్స్" అని ఉంది, దానికి ముందు ఒక దేవుడి పేరు. అలాంటి పేరున్న దుకాణాలు హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్ నుంచి సికింద్రాబాద్ జనరల్ బజార్ దాకా ఎన్ని ఉంటాయో లెక్కలేదు. చదవడానికి తేలిక, కానీ దేన్నీ కొట్టెయ్యదు. అసలు పనికొచ్చేది ఆ పేరు కింద, బోర్డు అడుగున, పెయింటర్ చివర్లో ఇరికించి రాసే సన్నటి వరుస. ఇంటి నంబరు, వీధి పేరు, హైదరాబాద్ తర్వాత ఒక అంకె, పక్కన ఫోన్ నంబరు. మనలాంటి ఊళ్లో గుంపు ఫొటో చేతికి రాగానే నేను ముందు కత్తిరించేది ఆ వరుసనే.

ఎందుకంటే హైదరాబాద్ పాత ఇంటి నంబర్లకు ఒక కట్టుబాటు ఉంది. అంకె, గీత, అంకె, గీత, తర్వాత ఇంటి నంబరు. మొదటిది వార్డు, రెండోది బ్లాకు. 8-2 అని మొదలైతే బంజారాహిల్స్ వైపు, 3-6 అయితే హిమాయత్‌నగర్, 7-1 అయితే అమీర్‌పేట, 6-3 అయితే సోమాజిగూడ, పంజాగుట్ట వైపు. పోస్ట్‌మ్యాన్‌లకూ కొరియర్ కుర్రాళ్లకూ ఇది నోటికి వచ్చు. అంటే చివరి మూడు అంకెలు మసకైపోయినా ఫర్వాలేదు, మొదటి రెండు దొరికితే చాలు, కోటి జనాభా ఊరు ఒకటి రెండు పేటలకు కుంచించుకుపోతుంది. ఇంత చిన్న ముక్కలో ఇంత సమాచారం ఫొటోలో ఇంకెక్కడా ఉండదు.

కాకపోతే ఆ వరుసలో అక్షరం ఎత్తు నాలుగంగుళాలు, అంటే పది సెంటీమీటర్లు. పిన్ని పంపిన ఫొటోలో తొమ్మిది పిక్సెళ్లు. అంచు మీద ఉంది, చదవగలిగినట్టూ ఉంటుంది, చదవలేనట్టూ ఉంటుంది. ఇలాంటప్పుడు జూమ్ చేస్తూ కూర్చోవడం కన్నా అసలు ప్రతిని తెప్పించుకోవడం నయం. జేపెగ్ ఫొటోను ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి నలుపుతుంది, తొమ్మిది పిక్సెళ్ల అక్షరం అంటే దాదాపు ఒక గడి, ఆ గడిలో ఏం ఉంచాలో ఏం పారేయాలో ఫోన్ నిర్ణయించేసింది. పోయినది తిరిగి రాదు. ఫొటోను "పదును" చేస్తామనే యాప్‌లు ఉన్నాయి గానీ, అవి ఆ గడిలో అందంగా ఉండే ఒక అంకెను పెడతాయి, అది నిజంగా అక్కడ ఉన్న అంకె అవ్వాలని ఏమీ లేదు. అక్షరాలు చదవాల్సిన చోట వాటిని నేను దగ్గరికి రానివ్వను.

పిన్నీ వాళ్లింటికి వెళ్లి ప్రింటే తెచ్చుకున్నాను. మామూలు మ్యాక్సీ సైజు, నాలుగు బై ఆరు అంగుళాలు. స్కానర్ మీద 600 డీపీఐలో పెడితే ఆరు అంగుళాల వైపు 3600 పిక్సెళ్లు వచ్చాయి. ఇంతకుముందు 150 ఉన్న మనిషి ఇప్పుడు 340 దాకా ఉన్నాడు, బోర్డు కింది వరుసలో అంకె ఇరవై పిక్సెళ్లు. 1200 డీపీఐ పెట్టొచ్చు కదా అనిపిస్తుంది, పెట్టి చూశాను కూడా, కాగితం మీద ఉన్న మసకే ఇంకా పెద్దగా కనిపించింది, కొత్తగా ఏమీ రాలేదు. నెగెటివ్ దొరికి ఉంటే వేరే మాట, ప్రింటులో లేని సన్నటి వివరం అందులో ఉంటుంది, కానీ ఆ నెగెటివ్‌లు ఎప్పుడో ఇల్లు మారినప్పుడు పోయాయట.

కత్తిరించేటప్పుడు ImageMagick అనే ప్రోగ్రామ్‌కు నేను ఇచ్చే కమాండ్ ఇంతే:

```
magick scan.png -crop 520x70+2210+610 +repage \
  -colorspace Gray -filter Lanczos -resize 400% varusa.png
```

మొదటి రెండు అంకెలు ముక్క వెడల్పు, ఎత్తు, తర్వాతి రెండు ఎక్కడి నుంచి మొదలవ్వాలో. నాలుగింతలు పెద్దది చేసి, రంగు తీసేసి, పీఎన్‌జీగా దాచుకోవడం. మళ్లీ జేపెగ్‌గా దాచుకుంటే ఇంకోసారి నలుగుతుంది. రంగు తీసేయడం ఎందుకంటే, జేపెగ్ వెలుగునీడలను అన్ని పిక్సెళ్లలోనూ ఉంచి రంగుల వివరాన్ని మామూలుగా పావు వంతు పిక్సెళ్లకు తగ్గిస్తుంది. కాబట్టి వాట్సాప్ ఫొటోల్లో అక్షరం అంచు దగ్గర రంగు ఎప్పుడూ పక్కకు కారినట్టు ఉంటుంది, ఆ కారడమే కంటిని తప్పుదోవ పట్టిస్తుంది. స్కాన్‌లో ఆ బాధ లేదు గానీ అలవాటు కొద్దీ ముందు అలాగే చూస్తాను. ఒక్క జాగ్రత్త: ఎరుపు బోర్డు మీద నీలం అక్షరాల్లాంటివి రెండూ ఒకే ముదురులో ఉంటాయి, రంగు తీసేస్తే అక్షరమే మాయమవుతుంది. అలా అయితే రంగులోనే ఉంచి చూడాలి.

ఇప్పుడు ఆ వరుస. మొదటి అంకె నాలుగు, అందులో అనుమానం లేదు. గీత. రెండో అంకె దగ్గర పడింది పీటముడి. నాకు ఏడులా కనిపించింది. 4-7 అంటే ఈసామియా బజార్, అంటే కోఠి, అంటే పిన్ని గెలిచినట్టు. 4-1 అయితే అబిడ్స్. ఒక్క నిలువు గీతకు పైన చిన్న తోక ఉందా లేదా అన్నదాని మీద మొత్తం తగాదా ఆధారపడింది. మన బోర్డు పెయింటర్లు ఒకటికి పైన ముక్కు పెడతారు, కొందరు ఆ ముక్కును ఏడు అనుకునేంత పొడుగ్గా లాగుతారు.

ఈ దశలో నేను నమ్మని మనిషి నేనే. ముందు పిన్ని "కోఠి" అంది కాబట్టి నా కంటికి ఏడు కనిపిస్తోందేమో. అందుకని ఆ ముక్క ఒక్కటే, చుట్టూ బోర్డు కూడా లేకుండా, మామయ్య కూతురికి పంపి "ఇక్కడ ఏముందో రాసి పంపు, ఎందుకని అడగకు" అన్నాను. "నాలుగు, గీత, ఒకటి, గీత, తర్వాత ఏదో మూడంకెలు, మధ్యది ఎనిమిదో మూడో. ఏంటి బావా, లాటరీ టికెటా?" అని పంపింది. తను ఒకటి అంది, నేను ఏడు అన్నాను. ఇద్దరిలో ఒకరి కన్ను మంచిదని తేల్చుకోవడం కాదు ఇక్కడ, ఆ అంకె ఈ ఫొటోలో చదవడానికి రాదు అని ఒప్పుకోవడం. ఒప్పుకుంటే ఇంకో ముక్క వెతుక్కోవాలన్న బుద్ధి పుడుతుంది.

ఆ ముక్క అదే వరుస చివర్లో దొరికింది. పాత బోర్డుల మీద పిన్‌కోడ్ మొత్తం రాయకుండా హైదరాబాద్, గీత, చివరి అంకెలు మాత్రమే రాసేవాళ్లు. అబిడ్స్ జీపీవోది 500001, అంటే హైదరాబాద్-1. ఈసామియా బజార్ అడ్రసుల్లో కనిపించేది 500027, అంటే హైదరాబాద్-27. ఒకవేళ సుల్తాన్ బజార్ వైపుదైతే 500095, అంటే హైదరాబాద్-95. మళ్లీ ఒకటీ ఏడూ గొడవేనా అని ముందు నీరసం వచ్చింది. తర్వాత తట్టింది, అంకె ఏమిటో చదవక్కర్లేదు, ఎన్ని అంకెలు ఉన్నాయో చూస్తే చాలు. గీత తర్వాత ఒకే ఒక్క నిలువు మరక, దాని తర్వాత ఖాళీ, తర్వాత బోర్డు అంచు. రెండంకెలకు అక్కడ చోటే లేదు. ఇది పిన్ని పంపిన నలిగిన వాట్సాప్ ఫొటోలో కూడా కనిపిస్తోంది, నేనే చూడలేదు. ఆకారం పోయిన చోట కూడా పొడవు మిగులుతుంది. ఫోన్ నంబర్లో ఎన్ని అంకెలు, వీధి పేరులో మాటలు ఎన్ని, ఏ మాట పొడుగు ఏ మాట పొట్టి, ఇవన్నీ అక్షరాలు చదవలేని మసకలో కూడా కొలవచ్చు.

కోఠి పోయింది. అబిడ్స్ అన్నమాట. మామయ్యకు ఫోన్ చేసి చెబితే "నేను ముందే చెప్పానా" అని పెట్టేశాడు.

చోటు గురించి ఇంకొక్క ముక్క కూడా కత్తిరించాను, నిర్ధారణ కోసం. గుంపు ఫొటోలో అందరూ కిందికి చూస్తారు గానీ, మొదటి అంతస్తు నుంచి పైన ఉన్న భాగం చాలా నెమ్మదిగా మారుతుంది. కింద దుకాణాలు ఐదేళ్లకోసారి బోర్డు మారుస్తాయి, పైన కిటికీల మధ్య దూరాలు, పిట్టగోడ మీది డిజైన్, బాల్కనీ కింద దన్నుగా ఉండే కమ్మీలు అలాగే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. ఆ పై వరుసను ఒక పొడుగాటి పట్టీలా కత్తిరించుకుని, గూగుల్ స్ట్రీట్ వ్యూలో జీపీవో దగ్గర నెహ్రూ విగ్రహం నుంచి మొదలుపెట్టి రోడ్డు పొడుగునా నడిచాను. స్ట్రీట్ వ్యూ మన ఊరికి 2022లోనే వచ్చింది, అంటే పోల్చేది ఇరవై ఏళ్ల తర్వాతి రూపంతో. అయినా కిటికీలు వరుసగా మూడు, ఒక ఖాళీ, మళ్లీ రెండు, ఆ లెక్క ఒక చోట కుదిరింది. కింద ఇప్పుడు గాజు తలుపుల షోరూమ్ ఉంది, పైన అదే పిట్టగోడ, రంగు మాత్రం వేరు.

ఇక ఎప్పుడు అన్నది. దీనికి కదలని వస్తువులు అంతగా పనికిరావు, కొత్తగా వచ్చి చేరినవి కావాలి. ఇక్కడ సూత్రం ఒకటే: పాత వస్తువు ఏమీ రుజువు చేయదు, ఫొటోలో అన్నిటికన్నా కొత్త వస్తువు ఏదో అదే మాట్లాడుతుంది. పాత స్కూటర్ ఉంది కాబట్టి పాత ఫొటో అని వాదించేవాళ్లు కనిపిస్తే నాకు నవ్వొస్తుంది, మా వీధిలో ఇప్పటికీ రెండు తిరుగుతున్నాయి. పుస్తకాల అట్టల మీద సంవత్సరాలు కూడా అంతే. ఫుట్‌పాత్ మీద ఒక ఎంసెట్ గైడ్ అట్ట మీద 1996 అని పెద్ద అంకెల్లో ఉంది, పిన్ని దాన్ని పట్టుకుని "చూశావా" అంది. కానీ అవి పాత పుస్తకాలు పిన్నీ, పాతవి కాబట్టే అక్కడ అమ్ముతున్నారు. ఆ అట్ట చెప్పేది ఫొటో 1996 గైడ్ అచ్చయ్యాకే తీశారని, అంతే, ఎంత తర్వాతో చెప్పదు.

కొత్తదాని కోసం వెతుకుతూ మళ్లీ ఆ బోర్డుకే వచ్చాను, ఈసారి ఫోన్ నంబరు దగ్గరికి. హైదరాబాద్ ల్యాండ్‌లైన్ నంబర్లు ముందు ఆరంకెలు, తర్వాత ఏడు, 2000 దాటిన మొదటి రెండు మూడేళ్లలో ముందు ఒక 2 చేరి ఎనిమిది అయ్యాయి. ఎస్‌టీడీ కోడ్ కూడా 040 కన్నా ముందు 0842 ఉండేది. కాబట్టి ఫోన్ నంబరు అంకెలు లెక్కపెట్టడం అంటే ఏ దశాబ్దమో లెక్కపెట్టడమే. లెక్కపెట్టాను, ఎనిమిది. అయితే పెయింటర్ ఎనిమిది రాయలేదు, ఏడే రాశాడు. ఏడంకెలూ ఒకే దూరంలో, ఒకే తెలుపులో ఉన్నాయి. వాటికి ముందు, "ఫోన్" అన్న మాటకూ మొదటి అంకెకూ మధ్య ఉండాల్సిన ఖాళీలో, ఇంకో 2 ఇరికించి ఉంది. సన్నగా, కాస్త కిందికి జారి, తెలుపే గానీ కొత్త తెలుపు. ఇది రంగు స్కాన్‌లోనే తెలిసింది: మిగతా అంకెలు దుమ్ము పట్టి పసుపుకు తిరిగాయి, ఆ 2 మాత్రం ముఖం కడుక్కుని వచ్చినట్టు ఉంది. బోర్డు మొత్తం మార్చడానికి డబ్బులు దండగ అని దుకాణం ఆయన పెయింటర్‌ను పిలిచి ఒక్క అంకె వేయించుకున్నాడు.

నాకు ఆ 2 కన్నా గట్టి సాక్ష్యం ఆ ఫొటోలో ఇంకేదీ అనిపించలేదు. బోర్డు పాతది కావచ్చు, ఏళ్ల తరబడి అక్కడే ఉండొచ్చు, కానీ ఆ అంకె ఎనిమిదంకెలు వచ్చాకే వేయగలరు, అంతకుముందు వేయడానికి కారణమే లేదు. అంటే ఫొటో పెళ్లి తర్వాతది, కనీసం రెండు మూడేళ్లు తర్వాత. ఆ 2 దుమ్ము పట్టకుండా ఉంది కాబట్టి వేసి ఎంతో కాలం కాలేదని కూడా నాకు అనిపించింది, అయితే అది ఊహే, రంగు ఎంత త్వరగా మాసిపోతుందో ఎండనీ బోర్డునీ బట్టి ఉంటుంది కాబట్టి దాని మీద ఏడాది కట్టలేను. ఆల్బమ్‌కు కావాల్సింది ముందా తర్వాతా అన్నదే, అది తేలిపోయింది.

ఇప్పటి ఫొటోలకైతే ఇదే పని నంబర్ ప్లేట్లు చేస్తాయి, చదవడానికి వస్తే. ప్లేటు మీద టీఎస్ ఉంటే 2014 జూన్ తర్వాతది, టీజీ ఉంటే 2024 మార్చి తర్వాతది. ఏపీ ఉంటే ఏమీ చెప్పదు, ఆ బళ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. తమాషా ఏమిటంటే ఎస్, జీ అక్షరాలు మసకలో ఒకలాగే ఉంటాయి, అందుకే ఒక్క బండి చూసి తేల్చకూడదు, ట్రాఫిక్‌లో అదృష్టం కొద్దీ చాలా బళ్లు ఉంటాయి. కెమెరాకు దగ్గరగా ఉన్న బండిని ముందు తీసుకోవాలి, దూరం సగమైతే అక్షరం రెట్టింపు అవుతుంది. మెట్రో స్తంభాలూ, అత్తాపూర్ మీదుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలూ వాటి మీద వేసిన నంబర్లతో సహా కనిపిస్తే ఇక బోర్డు కూడా అక్కర్లేదు, అక్కడివాళ్లు అడ్రసే పిల్లర్ నంబరుతో చెబుతారు. బస్సు మాత్రం మోసం చేస్తుంది. 218 అని కనిపించగానే కోఠి అనేస్తారు, ఆ బస్సు పటాన్‌చెరు నుంచి కోఠి దాకా ఊరంతా తిరుగుతుంది మరి. పైన రాసిన నంబరు చెప్పేది దారిని, చోటును కాదు.

ఇంకో ముక్క మిగిలింది. బాబాయి వెనక వరస మొత్తాన్ని ఒకే పట్టీగా కత్తిరించి చూస్తే దుకాణాలన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. ఒకటి రెండు కాదు, కనిపించిన ఏడూ. ఎండ బాగా ఉంది, పొద్దున్న పూటో రాత్రో కాదు. మట్టమధ్యాహ్నం అబిడ్స్‌లో దుకాణాలన్నీ మూసి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచి ఉన్నాయంటే అది ఆదివారం, ఇంకే వారమూ కాదు. షట్టర్లు తెరిచి ఉంటే ఆ పుస్తకాలకు చోటే ఉండదు.

ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టి పిన్నికి చూపించాను. హైదరాబాద్ తర్వాత ఒకే అంకె, ఏడంకెల ముందు ఇరికించిన 2, దించిన షట్టర్లు. పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో ముక్కనూ చూసింది, 2 దగ్గర కాసేపు ఆగి నవ్వింది కూడా. తర్వాత వేలితో లెక్కపెట్టింది: అబిడ్స్, పెళ్లి తర్వాత, ఆదివారం.

"పెళ్లైన కొత్తలో మూడు నాలుగేళ్లు ఆదివారాలు ఆఫీసులో ఆడిట్ అని వెళ్లేవారు" అంది, నాతో కాదు.

పేపర్ వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు.